5 పాయింట్ల స్కేలు, రెండు గ్రూపులు, మాన్-విట్నీ టెస్టు: గ్రూపుకి ఎంతమంది కావాలి?

శ్రావణి_ఫిజియో

నమస్కారం అందరికీ. ఫిజియోథెరపీ పీజీ చేస్తున్నాను. థీసిస్‌కి శాంపిల్ సైజు దగ్గర ఆగిపోయాను. మోకాలి నొప్పితో వచ్చేవాళ్లని రెండు గ్రూపులుగా చేస్తాం. ఒక గ్రూపుకి వ్యాయామాలు అచ్చు కాగితం మీద ఇస్తాం, ఇంకో గ్రూపుకి అవే వ్యాయామాలు వీడియోగా ఇస్తాం. 6 వారాల తర్వాత ఒకటే ప్రశ్న అడుగుతాం: నొప్పి ఎంత తగ్గింది? జవాబులు ఐదు: అస్సలు తగ్గలేదు, కొద్దిగా, ఓ మోస్తరుగా, బాగా, పూర్తిగా.

మాన్-విట్నీ వాడమని మా గైడ్ చెప్పారు. కానీ ఆన్‌లైన్‌లో దొరికిన కాలిక్యులేటర్లన్నీ సగటు, స్టాండర్డ్ డీవియేషన్ అడుగుతున్నాయి. "కొద్దిగా"కీ "బాగా"కీ సగటు ఎలా తీయాలి? ఈలోపు సీనియర్లు "గ్రూపుకి 30 పెట్టెయ్, ఎవరూ అడగరు" అంటున్నారు. ఎథిక్స్ కమిటీ మాత్రం 30 ఎలా వచ్చిందో రాసి ఇమ్మంది. టెన్షన్‌గా ఉంది.

కిరణ్ డి

ఇది చాలా సులువు. జవాబులకి 1 నుంచి 5 దాకా నంబర్లు ఇచ్చి, టీ-టెస్టుకి ఎంత కావాలో లెక్క కట్టండి. వచ్చినదానికి 15 శాతం కలపండి. మాన్-విట్నీ లాంటి ర్యాంకు టెస్టులకి అందరూ చేసేది ఇదే. మా డిపార్ట్‌మెంట్‌లో థీసిస్‌లన్నీ ఇలాగే పాసయ్యాయి.

పాత కాలేజీ

30 అన్నది ఏ సూత్రంలోంచీ రాలేదు. సగటుల పంపిణీ దాదాపు నార్మల్‌గా మారడానికి ఆ మాత్రం చాలని ఎప్పుడో ఎవరో చెప్పిన మాట అది. పవర్‌తో, అంటే నిజంగా ఉన్న తేడాని టెస్టు పట్టుకునే అవకాశంతో, దానికి సంబంధం లేదు. వైవాకి వెళ్లినప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఇదే అమ్మా, జాగ్రత్త.

లెక్కల వేణు

శ్రావణి గారూ, మీకు సగటు అక్కర్లేదు. కాగితం గ్రూపులో ఐదు జవాబులూ ఏ నిష్పత్తిలో వస్తాయని మీ అంచనా? పాత కేసు షీట్లలో ఇదే ప్రశ్న ఉంటే అందులోంచి తీయొచ్చు. రెండో ప్రశ్న: వీడియో వల్ల ఎంత తేడా వస్తే "ఇది పెట్టాల్సిందే" అంటారు? ఈ రెండూ చెబితే లెక్క నిమిషంలో అయిపోతుంది. రెండోది తేలకపోతే మాత్రం ఏ కాలిక్యులేటరూ సాయం చేయలేదు.

శ్రావణి_ఫిజియో

మొదటిది ఉంది సర్. మా క్లినిక్‌లో కాగితం పద్ధతి ఎప్పటినుంచో నడుస్తోంది, ఇదే ప్రశ్నతో షీట్లు ఉన్నాయి. అస్సలు తగ్గలేదు 10 శాతం, కొద్దిగా 20, ఓ మోస్తరు 30, బాగా 25, పూర్తిగా 15.

రెండోదానికి ఏం చెప్పాలో తెలియడం లేదు. ప్రస్తుతం "బాగా" లేదా "పూర్తిగా" అన్నవాళ్లు 40 శాతం. అది 55, 60 దాకా వెళ్తే వీడియో చేయించే శ్రమ దండగ కాదనిపిస్తుంది. 45 అయితే మాత్రం మా గైడ్ కూడా ఒప్పుకోరు.

లెక్కల వేణు

అదే కావాల్సింది. మీకు తెలియకుండానే జవాబు చెప్పేశారు.

ఇలాంటి డేటాకి వాడే పద్ధతి 1993లో వైట్‌హెడ్ ఇచ్చింది. అందులో తేడాని ఆడ్స్ రేషియోగా చెబుతారు. ఐదు జవాబుల మధ్య నాలుగు గీతలు గీయొచ్చు కదా. ఏ గీత దగ్గర చూసినా, పైవైపు ఉండే ఆడ్స్, అంటే గీతకి పైనున్నవాళ్లని కిందున్నవాళ్లతో భాగిస్తే వచ్చేది, వీడియో గ్రూపులో అదే రెట్లు పెరుగుతుందని అనుకుంటాం. ఆ రెట్లు 2 అనుకుంటే మీ అంకెలు ఇలా మారతాయి. "పూర్తిగా" అన్నవాళ్లు 15 నుంచి 26 శాతానికి పెరుగుతారు. "బాగా"నీ కలిపితే 40 నుంచి 57. "ఓ మోస్తరు"నీ కలిపితే 70 నుంచి 82. "కొద్దిగా"నీ కలిపితే 90 నుంచి 95. మీరు 55, 60 అన్నారు, కాబట్టి 2 మీ మనసులో ఉన్నదానికి సరిపోతుంది.

ఇప్పుడు సూత్రం. రెండు గ్రూపులూ సమానమైతే గ్రూపుకి

```
n = 6 * (1.96 + 0.8416)^2 / ( (ln OR)^2 * (1 - sum(pbar^3)) )
```

pbar అంటే ఒక్కో జవాబుకి రెండు గ్రూపుల శాతాల సగటు. కాగితం గ్రూపుది ఒక్కటే కాదు, రెండింటి సగటు. మీ కేసులో అవి 0.076, 0.162, 0.276, 0.280, 0.205. ఒక్కోదాన్నీ ఘనం చేసి కలిపితే 0.056 వస్తుంది, కాబట్టి చివరి పదం 0.944. ln 2 వర్గం 0.480. పైన 6 × 7.849 = 47.09. భాగిస్తే 103.9. అంటే 80 శాతం పవర్‌కి, రెండువైపుల 5 శాతం స్థాయికి గ్రూపుకి 104 మంది.

6 వారాలకి పదిమందిలో ఒకరు తిరిగి రారనుకుంటే 104ని 0.9తో భాగించండి. 116 మందిని తీసుకోవాలి.

శ్రావణి_ఫిజియో

116 ఆ? రెండు గ్రూపులకీ కలిపి 232! మా క్లినిక్‌కి అంతమంది రావడానికి నా కోర్సు అయిపోతుంది సర్.

30తో వెళ్తే ఏమవుతుంది? నిజంగా అడుగుతున్నాను.

లెక్కల వేణు

అదే సూత్రాన్ని తిప్పి రాస్తే తెలుస్తుంది. గ్రూపుకి 30 మందితో, ఆడ్స్ రేషియో నిజంగా 2 ఉన్నా, మీ టెస్టు దాన్ని పట్టుకునే అవకాశం 33 శాతం దగ్గర ఉంటుంది. మూడిట రెండు సార్లు "తేడా లేదు" అని థీసిస్‌లో రాయాల్సి వస్తుంది, తేడా ఉన్నా సరే.

30 మందితోనే 80 శాతం పవర్ కావాలంటే ఆడ్స్ రేషియో 3.6 దాకా ఉండాలి. అంటే "బాగా, పూర్తిగా" కలిపి 40 నుంచి 71 శాతానికి దూకాలి. వ్యాయామాలు అవే, చూపించే తీరు మాత్రమే మారింది. అంత దూకుతుందని మీరు నమ్ముతారా?

కిరణ్ డి

వేణు గారూ, నేను చెప్పిన పద్ధతిలో లెక్క కట్టాను. సగటులు 3.15, 3.60. డీవియేషన్ 1.17 దగ్గర. టీ-టెస్టుకి గ్రూపుకి 106. 15 శాతం కలిపితే 122. మీ 104కి పెద్ద దూరమేం లేదుగా? ఇంత హంగామా దేనికి?

లెక్కల వేణు

ఈ కేసులో దూరం లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ 15 శాతం ఎక్కడిదో చూడండి. 1956లో హాడ్జెస్, లేమన్ ఒకటి నిరూపించారు. ఒక పంపిణీ మొత్తంగా పక్కకి జరిగినట్టుండే తేడా అయితే, టీ-టెస్టుతో పోల్చినప్పుడు ర్యాంకు టెస్టు సామర్థ్యం ఎంత పడిపోయినా 0.864 కంటే తగ్గదు. 1ని 0.864తో భాగిస్తే 1.157. మీ 15 శాతం అదే. డేటా నార్మల్ అయినప్పుడు ఆ సామర్థ్యం 0.955, నష్టం 5 శాతం లోపే.

అయితే అది నిరంతరంగా ఉండే కొలతల మీద ఇచ్చిన హామీ. ఐదే జవాబులుండి, సగంమంది ఒకే గడిలో కూర్చునే స్కేలు మీద ఇచ్చింది కాదు. అక్కడ ఆ 15 శాతం ఎటువైపు తప్పుతుందో ముందే చెప్పలేం. శ్రావణి గారి అంకెలు ఐదు గడుల్లోనూ బాగా పరుచుకుని ఉన్నాయి కాబట్టి తేడా కనబడలేదు.

మాధవి ఆర్

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాదీ ఇలాంటిదే. శిక్షణకి ముందు 40 మంది నర్సులు తమ ధైర్యానికి 1 నుంచి 5 లోపు మార్కు వేశారు, శిక్షణ తర్వాత వాళ్లే మళ్లీ వేశారు. రెండు గ్రూపులు, ఐదు పాయింట్లు. నాకు కూడా 104 కావాలా? నా దగ్గర 40 మందే ఉన్నారు.

పాత కాలేజీ

మీ దగ్గర ఉన్నది రెండు గ్రూపులు కాదమ్మా, ఒకే గ్రూపు. వాళ్లనే రెండుసార్లు అడిగారు. మాన్-విట్నీ వాడితే ఎవరి ముందు మార్కుకి ఎవరి తర్వాతి మార్కు జత అన్న సంగతే పోతుంది. మీ లెక్కే వేరు. ఎంతమంది మారారు, మారినవాళ్లలో పైకి వెళ్లినవాళ్లు ఎందరు, కిందికి వచ్చినవాళ్లు ఎందరు అన్నదాని మీద అది నడుస్తుంది. మారనివాళ్లు ఆ పోలికలో ఏమీ చెప్పరు. వేరే థ్రెడ్ పెట్టండి, అక్కడ మాట్లాడదాం.

మాధవి ఆర్

ఓ, సరే సర్. అయితే ఇంకో సందేహం, ఇది మాత్రం నిజంగా రెండు గ్రూపులే. మా ఆసుపత్రిలో రెండు రకాల డిశ్చార్జ్ పద్ధతుల మీద రోగుల సంతృప్తి అడుగుతున్నాం. పాత పద్ధతిలోనే 70 శాతం మంది 5 వేసేశారు. 4 వేసినవాళ్లు 17, 3 వేసినవాళ్లు 8, 2కి 3, 1కి 2 శాతం. ఇందులోనూ ఆడ్స్ రేషియో 2 అనుకుంటే 104 సరిపోతుందా?

లెక్కల వేణు

మాధవి గారూ, మంచి కేసు తెచ్చారు. కిరణ్ గారికి నేను చెప్పాలనుకున్నది ఇందులోనే ఉంది.

సరిపోదు. కొత్త పద్ధతిలో 5 వేసేవాళ్లు 70 నుంచి 82 శాతానికి వెళ్తారు. రెండు గ్రూపుల సగటు తీస్తే ఆ ఒక్క గడిలోనే 0.762 ఉంటుంది. దాని ఘనం 0.442. అన్నీ కలిపి 0.445, కాబట్టి సూత్రంలో చివరి పదం 0.944 కాస్తా 0.555కి పడిపోతుంది. గ్రూపుకి 177 మంది. ఆడ్స్ రేషియో అదే 2, పవర్ అదే 80. స్కేలు పైకప్పుకి తగిలినందుకు 73 మంది అదనం.

కారణం ఊహించడం కష్టం కాదు. ర్యాంకు టెస్టు చేసేదల్లా ఈ గ్రూపులోంచి ఒకరిని, ఆ గ్రూపులోంచి ఒకరిని తీసి ఎవరిది పెద్దదో చూడటం. శ్రావణి గారి డేటాలో అలాంటి జతల్లో 22 శాతం టై అవుతాయి. మీ దాంట్లో 60 శాతం. టై అయిన జత ఎటువైపూ సాక్ష్యం చెప్పదు.

ఇప్పుడు కిరణ్ గారి పద్ధతి. ఇదే డేటాకి టీ-టెస్టు లెక్క గ్రూపుకి 220 అంటుంది. 15 శాతం కలిపితే 253. నిజంగా కావాల్సింది 180 దగ్గర. ఇక్కడ ర్యాంకు టెస్టుకి టీ-టెస్టు కంటే తక్కువమంది చాలు, మీరేమో ఇంకా కలుపుతున్నారు.

కిరణ్ డి

ఎక్కువమందిని తీసుకుంటే నష్టమేముంది? సేఫ్ సైడ్.

సుధ ఎన్

రోగులని అవసరానికి మించి స్టడీలో పెట్టడం ఎథిక్స్ కమిటీ దృష్టిలో సేఫ్ సైడ్ కాదండీ. తక్కువ పెడితే ఎందుకని అడిగినట్టే, ఎక్కువ పెడితేనూ అడుగుతారు.

నవీన్_ఆర్‌కోడ్

సూత్రాల గొడవ ఎందుకు, Rలో సిమ్యులేట్ చేస్తే పోలా? శ్రావణి గారి అంకెలతో:

```r
a <- c(.10, .20, .30, .25, .15)
b <- diff(c(0, plogis(qlogis(cumsum(a)[1:4]) - log(2)), 1))
n <- 104
pv <- replicate(5000, {
  x <- sample(1:5, n, TRUE, a)
  y <- sample(1:5, n, TRUE, b)
  wilcox.test(x, y, exact = FALSE)$p.value
})
mean(pv < .05)
```

నాకు 79 శాతం దగ్గర వస్తోంది. 5000 సార్లు తిప్పితే ఒక శాతం అటూ ఇటూ ఊగడం మామూలే. `exact = FALSE` పెట్టకపోయినా, ఇంత పెద్ద శాంపిల్‌కి ఆ ఫంక్షన్ ఉజ్జాయింపు పీ-విలువే ఇస్తుంది. చిన్న శాంపిల్‌లో టైలు ఉంటే కొన్ని R వెర్షన్లు హెచ్చరిక చూపిస్తాయి, కంగారు పడక్కర్లేదు.

నేరుగా సంఖ్య కావాలంటే `Hmisc` ప్యాకేజీలో `posamsize` ఉంది. అది ఇచ్చేది రెండు గ్రూపుల మొత్తం, గ్రూపుకి ఎంత అన్నది కాదు.

లెక్కల వేణు

నవీన్, ఆ `posamsize` గురించి ఇంకో హెచ్చరిక చేర్చాలి. అది అడిగే `p` కూడా రెండు గ్రూపుల సగటే. చాలామంది పాత గ్రూపు శాతాలని నేరుగా ఇచ్చేస్తారు. శ్రావణి గారి కేసులో అలా ఇచ్చినా జవాబు దాదాపు మారదు, అందుకే ఎవరూ గమనించరు. మాధవి గారి కేసులో మాత్రం 177 రావాల్సిన చోట 151 వస్తుంది. ప్రోగ్రాం ఏ తప్పూ చూపించదు, శాతాలు కలిపితే 1 వస్తున్నాయి కదా.

నీ కోడ్‌లో `b` ఎలాగూ లెక్క కడుతున్నావు. `(a + b)/2` ఇస్తే చాలు.

సుధ ఎన్

నేను నోతర్ సూత్రం వాడతాను, 1987 నాటిది. ఒకరిది ఇంకొకరి కంటే పెద్దది అయ్యే అవకాశం, దానికి సగం టైలు కలిపితే వచ్చే ఒక్క సంఖ్య చాలు. ఆడ్స్ రేషియో ఊహ పెట్టుకోనక్కర్లేదు. శ్రావణి గారి కేసులో అది 0.607, గ్రూపుకి 114 వస్తోంది. మాధవి గారిది 0.563, గ్రూపుకి 331! వేణు గారి 177కీ దీనికీ పొంతనే లేదు. ఏది నమ్మాలి?

లెక్కల వేణు

ఆ 331ని నమ్మకండి. నోతర్ సూత్రం టైలు లేవనుకుని రాసింది. టైలు రెండు పనులు చేస్తాయి. ఒకటి, మీ 0.563ని 0.5 వైపు లాగుతాయి, ఎందుకంటే 60 శాతం జతలు సగం సగం పంచుకున్నాయి. రెండు, టెస్టు గణాంకం ఊగిసలాటనీ తగ్గిస్తాయి. మీరు మొదటిదాన్ని లెక్కలోకి తీసుకున్నారు, రెండోదాన్ని వదిలేశారు. చిన్నదైన తేడాని పాత పెద్ద ఊగిసలాటతో కొలిస్తే శాంపిల్ ఉబ్బిపోతుంది.

సరిచేయడం తేలిక. వచ్చిన సంఖ్యని అదే (1 - sum(pbar^3))తో గుణించండి. మాధవి గారిది 331 కాస్తా 184 అవుతుంది. శ్రావణి గారిది 114 నుంచి 108కి వస్తుంది. ఇప్పుడు 177, 184 పక్కపక్కనే ఉన్నాయి. 104, 108 కూడా అంతే. మిగిలిన ఆ కొంచెం తేడా రెండు సూత్రాలూ ఉజ్జాయింపులే కావడం వల్ల. నవీన్‌కి 104తో 80 కాకుండా 79 వచ్చిందంటే, 108 వైపు మొగ్గడం మేలనిపిస్తోంది.

పాత కాలేజీ

ఇదంతా చేయకుండా "బాగా, పూర్తిగా" ఒక గ్రూపు, మిగతావి ఒక గ్రూపు అని రెండుగా చీల్చి 40కి 57 అని పోల్చేస్తే? పరీక్షకులకి అర్థమవుతుంది, రోగులకీ అర్థమవుతుంది.

లెక్కల వేణు

అర్థమవుతుంది సర్, కానీ గ్రూపుకి 130 మంది కావాలి. 104 సరిపోయే చోట 26 మంది ఎక్కువ. "అస్సలు తగ్గలేదు" అన్నవాళ్లు "ఓ మోస్తరు"కి చేరినా ఆ చీలికలో అది కనబడదు. ఫలితాలు చెప్పేటప్పుడు 40, 57 అని చెప్పండి, అభ్యంతరం లేదు. టెస్టు మాత్రం ఐదు గడుల మీదే చేయాలి.

పాత కాలేజీ

ఊఁ. పరీక్షకుడిగా నాకు మీడియన్‌లు కూడా కావాలి. ర్యాంకు టెస్టు మీడియన్‌లనే కదా పోల్చేది.

సుధ ఎన్

అక్కడ మాత్రం ఒప్పుకోను మాస్టారూ. మాధవి గారి డేటాలో రెండు గ్రూపుల మీడియన్ కూడా 5 అవుతుంది, ఒకదాంట్లో 70 శాతం, ఇంకోదాంట్లో 82 శాతం 5 వేశారు కాబట్టి. అయినా టెస్టు తేడా చూపించగలదు. "మీడియన్ 5, మీడియన్ 5, పీ విలువ 0.01" అని టేబుల్‌లో రాస్తే చదివినవాళ్లు బుర్ర గోక్కుంటారు. శాతాల టేబుల్ ఇవ్వడమే మంచిది.

పాత కాలేజీ

రెండు పంపిణీల ఆకారం ఒకటే అయితే మీడియన్ అనొచ్చు. ఐదు గడులకి ఆకారం ఏముందని అంటారా, సరే.

శ్రావణి_ఫిజియో

చాలా చాలా థాంక్స్ అండీ. ఒక దారి తట్టింది. ముందు గ్రూపుకి 12 మందితో పైలట్ చేసి, అందులో వచ్చిన ఆడ్స్ రేషియోని సూత్రంలో పెడితే? 2 కాకుండా 3, 4 వస్తే శాంపిల్ తగ్గుతుంది కదా.

లెక్కల వేణు

వద్దు. గ్రూపుకి 12 మందితో ఆడ్స్ రేషియో 2 వచ్చిందనుకోండి, దాని 95 శాతం పరిధి సుమారు 0.5 నుంచి 8 దాకా ఉంటుంది. అంటే వీడియో హాని చేస్తుందన్నా, అద్భుతం చేస్తుందన్నా ఆ పైలట్ కాదనదు. అదృష్టవశాత్తూ 4 వస్తే మీరు చిన్న శాంపిల్‌తో బయల్దేరతారు, 1.3 వస్తే స్టడీనే మానేస్తారు. రెండు నిర్ణయాలూ 24 మంది జవాబుల మీద ఆధారపడినవే.

పైలట్ వేరే వాటికి పనికొస్తుంది. ప్రశ్న అందరికీ అర్థమవుతోందా, 6 వారాలకి ఎంతమంది తిరిగి వస్తున్నారు, ఐదు గడులూ వాడుతున్నారా, లేక మాధవి గారి డేటాలోలా ఒకే గడిలో పోగవుతున్నారా. చివరిది చాలా ముఖ్యం, కానీ దానికి మీ దగ్గర పాత షీట్లు ఉండనే ఉన్నాయి.

ఆడ్స్ రేషియోని ఎంచుకోవాల్సింది డేటా నుంచి కాదు, మీకు ఎంత తేడా విలువైనది అన్నదాని నుంచి. అది ఎంత పెద్దదైతే శాంపిల్ అంత వేగంగా పడిపోతుంది. మీ శాతాలతోనే చూడండి. 1.5 అయితే గ్రూపుకి 300 దాటుతుంది, 40 శాతం 50కి వెళ్లడమన్నమాట. 2 అయితే 104. 2.5 అయితే 60 మంది, 40 నుంచి 62 శాతానికి.

శ్రావణి_ఫిజియో

60 అయితే చేయగలను సర్! డ్రాపౌట్ కలిపి 67. మొదట నేనే 55, 60 అన్నాను కదా, 62 దానికి దగ్గరే.

సుధ ఎన్

శ్రావణి గారూ, దీన్నే వెనకనుంచి లెక్క కట్టడం అంటారు. చేయగలిగే సంఖ్య ముందు అనుకుని, దానికి సరిపడే తేడా వెతుకుతున్నారు. 55 వచ్చినా చాలని మీరే అన్నారు. 62కి ప్లాన్ చేస్తే, నిజంగా 57 వచ్చినప్పుడు 60 మందితో దాన్ని పట్టుకోలేకపోవచ్చు.

లెక్కల వేణు

నాకు ఇందులో అంత అభ్యంతరం లేదు, దాచకుండా రాస్తే. "మా కాలవ్యవధిలో గ్రూపుకి 67 మందిని మాత్రమే చేర్చుకోగలం, దీంతో ఆడ్స్ రేషియో 2.5 లేదా అంతకంటే పెద్ద తేడాని 80 శాతం పవర్‌తో గుర్తించగలం, అంతకంటే చిన్న తేడా తప్పిపోవచ్చు" అని రాయండి. కమిటీ దాన్ని ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. "మేం 2.5 ఆశిస్తున్నాం" అని మాత్రం రాయకండి.

సుధ ఎన్

చదివేవాళ్లకి రెండూ ఒకటే అవుతాయి వేణు గారూ. చివరికి "తేడా లేదు" అనే సారాంశంలోకి ఎక్కుతుంది. పీజీ వాళ్లు ఇద్దరు ముగ్గురు కలిసి రెండు మూడు క్లినిక్‌లలో ఒకే ప్రోటోకాల్‌తో చేయడం నయం కదా.

నవీన్_ఆర్‌కోడ్

క్లినిక్‌లు కలిస్తే ఒక్కో క్లినిక్ లోపల విడిగా రెండు గ్రూపులకీ పంచాలి. ఒక క్లినిక్ మొత్తం వీడియో, ఇంకోటి మొత్తం కాగితం అంటే ఈ లెక్కలేవీ పనిచేయవు.

ఇంకొకటి అడగాలి. వీడియో కొందరికి బాగా నచ్చి, కొందరికి ఫోన్ వాడటం రాక అసలు పనికిరాకపోతే? "పూర్తిగా" పెరుగుతుంది, "అస్సలు తగ్గలేదు" కూడా పెరుగుతుంది. `b`ని అలా మార్చి తిప్పితే పవర్ 5 శాతం దగ్గరే తచ్చాడుతోంది, `n` ఎంత పెంచినా.

లెక్కల వేణు

అవును. రెండు చివర్లూ సమానంగా పెరిగితే ఎవరు ఎవరిని మించే అవకాశమైనా సగం సగమే. ర్యాంకు టెస్టుకి అక్కడ చూడటానికి ఏమీ లేదు. గీత గీతకీ ఆడ్స్ రేషియో కొంచెం మారితే ఫర్వాలేదు, అన్నీ ఒకే దిక్కులో ఉన్నంతవరకూ టెస్టు పనిచేస్తుంది, శాంపిల్ అంచనా మాత్రం కాస్త అటూ ఇటూ అవుతుంది. దిక్కు మారితే ఈ టెస్టే తగదు. శ్రావణి గారి రోగుల్లో వయసు పైబడినవాళ్లు ఎంతమంది, ఫోన్‌లో వీడియో చూడగలవాళ్లు ఎంతమంది అన్నది ఆవిడకే తెలియాలి.

శ్రావణి_ఫిజియో

సగానికి పైగా 60 దాటినవాళ్లే. ఇది నేను ఆలోచించలేదు. ఫోన్ వాడటం రానివాళ్లని ముందే వదిలేస్తే ఫలితం మిగతావాళ్లకే వర్తిస్తుంది, వదలకపోతే నవీన్ గారు చెప్పినట్టు అవుతుందేమో.

గైడ్‌తో మాట్లాడి చెబుతాను. పక్క క్లినిక్‌లో మా బ్యాచ్‌మేట్ ఉంది, తననీ అడుగుతాను. ఆడ్స్ రేషియో 2 తోనే 108 పెట్టి, డ్రాపౌట్‌కి 0.9తో భాగించి 120 అని సినాప్సిస్‌లో రాస్తున్నాను ఇప్పటికి.

కిరణ్ డి

120 ఆ? నా 122తో వెళ్లినా అక్కడే తేలేవారు 🙂

సుధ ఎన్

మీ 122లో డ్రాపౌట్ కలపలేదు కిరణ్ గారూ. కలిపితే 136.

మాధవి ఆర్

నాదింకా తేలలేదు. 177 మంది కంటే, ప్రశ్ననే మార్చి 5 గడుల బదులు 7 పెట్టి, పైవైపు విడదీస్తే ఆ 70 శాతం పంచుకుంటారా? ఎవరైనా అలా చేసి చూశారా?